వార్తల్లో పదం: అప్‌గ్రేడ్ బిడ్

విమానం టికెట్ కొన్నాక, పై తరగతిలో మిగిలిన సీటుకు మనం ఇవ్వగల ధర చెప్పి పోటీపడటమే అప్‌గ్రేడ్ బిడ్. లుఫ్తాన్సా, ఎతిహాద్ వంటి సంస్థల్లో ఈ పద్ధతి ఉంది. ఫలితం సాధారణంగా ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు తెలుస్తుంది. గెలిస్తేనే కార్డు నుంచి డబ్బు పోతుంది, పోయాక మామూలుగా తిరిగి రాదు.

చాలామంది పొరబడేది లెక్కలోనే. ధర ఒక్కొక్కరికి, ఒక్కో విమానానికి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఇద్దరు వెళ్తూ 40,000 రూపాయలు పెడితే, కట్టాల్సింది 80,000. మైళ్లు మాత్రం చాలాచోట్ల పాత టికెట్ లెక్కనే వస్తాయి.

రాత్రంతా సాగే ప్రయాణమై, టికెట్, బిడ్ కలిపినా నేరుగా బిజినెస్ క్లాస్ కొనడంకన్నా బాగా తక్కువైతేనే బిడ్ వేయండి. రెండు మూడు గంటల పగటి ప్రయాణానికి అనవసరం.