రెండు బర్రెలా, నూరు కోళ్లా?

హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో తెల్లవారకముందే గుమ్మాల ముందు పాల ప్యాకెట్లు చేరుతాయి, దుకాణాల ముందు గుడ్ల అట్టలు దిగుతాయి. ఆ పాలకూ, ఆ గుడ్లకూ మూలం నగరానికి వెలుపలి పల్లెలు. చేవెళ్ల వైపు రెండెకరాల భూమి కలిగిన నా పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల వచ్చి, "ఉస్తాద్! పంట డబ్బు ఏడాదికి రెండుసార్లే వస్తుంది. పిల్లల ఫీజులు మాత్రం నెలనెలా వస్తాయి. రెండు బర్రెలు కొనమంటారా, నూరు కోళ్లు పెట్టమంటారా?" అని అడిగాడు. మా తండ్రిగారి ఇంట పాడి ఉండేది కనుక ఇద్దరం కాగితం ముందు పెట్టుకుని లెక్క వేశాము. ఇందులోని ధరలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. పాఠకులు తమ ఊరి ధరలతో సరిచూసుకోవాలి.

మొదట కోళ్లు. గుడ్లు పెట్టే జాతి కోడిపిల్లను తెచ్చిన నాటి నుండి తొలి గుడ్డు చూడటానికి సుమారు ఐదు నెలలు పడుతుంది. ఈలోగా ఒక్కొక్కటి దాదాపు 7 కిలోల దాణా తింటుంది. కిలో 32 రూపాయలైతే నూరు కోళ్లకు 22,400 రూపాయలు, రాబడి లేకుండానే ఖర్చవుతాయి. తరువాత రోజుకు 11 కిలోల దాణాకు 352 రూపాయలు కావాలి. 80 గుడ్లు, ఒక్కొక్కటి 5 రూపాయల చొప్పున 400 తెస్తాయి. మిగులు 48 రూపాయలు. గుడ్డు ధర అర్ధరూపాయి తగ్గితే మిగిలేది 8 రూపాయలే. పైగా కొక్కెర తెగులు టీకా తప్పితే కొద్ది రోజులలోనే షెడ్డు ఖాళీ కావచ్చు.

ఇక బర్రెలు. ఒక మంచి బర్రె ఈనిన తరువాత పది నెలలు పాలిచ్చి, ఐదు నెలలు వట్టిపోతుందనుకుందాము. రోజుకు సగటున 6 లీటర్లలో దూడకూ, ఇంటికీ ఒకటి పోగా, 5 లీటర్లు 60 రూపాయల చొప్పున 300 ఇస్తాయి. పాలిచ్చే బర్రెకు దాణా ఖర్చు 126, వట్టిపోయినదానికి 42. గడ్డి సొంత పొలానిది. ఆ లెక్కన రెండూ పాలిస్తే నెలకు 10,440 మిగులుతుంది. ఒక్కటే ఇస్తే 3,960. రెండూ వట్టిపోతే చేతి నుండి 2,520 పెట్టాలి.

అసలు విషయం ఇక్కడ ఉన్నది. రెండు బర్రెలు ఒకేసారి ఈనితే పది నెలలు సమృద్ధి, ఐదు నెలలు అప్పు. రెండు ఈతల మధ్య ఏడున్నర నెలల ఎడమ ఉంచితే ఐదు నెలలు రెండింటి పాలూ, పది నెలలు ఒకదాని పాలూ వస్తాయి. పాలు లేని నెల ఉండదు. పదిహేను నెలల మొత్తం మిగులు రెండు విధాలా 91,800 రూపాయలే! మొత్తం మారదు, నెలవారీ భరోసా మారుతుంది. మా ఇంట రెండు బర్రెలూ ఒకే నెలలో ఈనినందున, ఒక వేసవి అంతా పాలు కొనుక్కుని త్రాగిన సంగతి నాకు నేటికీ జ్ఞాపకమే.

కనుక రెండూ ఒకేనాడు కొనవద్దన్నాను. తాజాగా ఈనినదానిని ముందు కొని, రెండవదానిని ఏడు నెలల తరువాత తేవాలి. కొనేముందు ఉదయం, సాయంత్రం, మరల ఉదయం వరుసగా మూడు పూటలు ఎదుట నిలబడి పితికించి చూడాలి.

ఈ ఎడమను కాపాడేది ఎదను గుర్తించడమే. ఈనిన రెండు మూడు నెలలలో బర్రెను మరల కట్టించాలి. బర్రెలలో, ముఖ్యంగా వేసవిలో, అరుపులు లేని మూగ ఎద సాధారణం. గాజువంటి జిగట తీగలు కారడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు హఠాత్తుగా తగ్గడం దాని గుర్తులు. తెల్లవారుజామున చూడని ఇంట అది తెలియకుండానే దాటిపోతుంది, మరల 21 రోజులు ఆగవలసి వస్తుంది. అలా మూడు సార్లు తప్పితే రెండు నెలల పాలు పోయినట్లే. కట్టించిన మూడు నెలలకు పశువైద్యునితో చూడి పరీక్ష చేయించాలి.

పెట్టుబడి విషయంలో మరొక జాగ్రత్త. బర్రె కొనడానికి బయానా ఇచ్చి, బదులుగా లీటరుకు కొన్ని రూపాయలు తగ్గించి పాలు తీసుకునే వర్తకులు ఉన్నారు. అప్పు ఇచ్చి దానిపై పొందే ఆ లాభం, పేరు ఏదైనా, వడ్డీయే. దానిని విడిచి, ఒక్క బర్రెతోనే మొదలుపెట్టమన్నాను.

అయితే బర్రెకు రోజుకు 25 కిలోల పచ్చిగడ్డి, పూటపూటా పితికే మనిషి కావాలి. గడ్డి కూడా కొనవలసిన వారికి ఒక్క బర్రె పాలిచ్చే నెలల మిగులు దానికే పోతుంది. అటువంటి వారికి పెరటిలో తిరిగి మేసే పదిహేను, ఇరవై కోళ్లే మేలు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన గ్రామప్రియ జాతి ఇందుకు తగినది. అవి ఇంటి ఖర్చుకు ఆసరా మాత్రమే, జీతం కాజాలవు.

నా విద్యార్థి పొలం గట్టున నీరు ఉన్నది. అతడు ముందు పావు ఎకరంలో గడ్డి నాటి, ఆ తరువాత సంతకు వెళ్తానన్నాడు. ఆ క్రమమే సరైనది.