ముహూర్తం వేళ ఎఫ్ పక్కన రెండు గీతలు

ఆళ్లగడ్డలో తెల్లవారుజాము పెళ్లి. జీలకర్ర-బెల్లం పెట్టించి తెర దించుతున్నారు. ఫొటోగ్రాఫర్ కుర్రాడు షటర్ బటన్ సగం నొక్కాడు. ఫోకస్ పడలేదు. మళ్లీ నొక్కాడు. లెన్స్ లోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. స్క్రీన్ కింద రోజూ `F1.8` అని కనిపించే చోట `F--` అని ఉంది.

కంగారులో లెన్స్ తీసి మళ్లీ బిగించాడు. నంబర్ వచ్చింది. రెండు ఫొటోలు తీసేలోపు మళ్లీ పోయింది. చివరికి చేత్తో రింగ్ తిప్పుకుంటూ తాళికట్టు తీశాడు. ఇంటికెళ్లి చూసుకుంటే పెళ్లికూతురు ముఖం స్పష్టంగా ఉంది, పక్కనే అర అడుగు వెనక్కి ఉన్న పెళ్లికొడుకు మసక. బయానా తీసుకున్న పెళ్లి. మళ్లీ తీద్దామంటే కుదరదు కదా!

అతని సరంజామా ఇప్పుడు చాలామంది దగ్గర ఉన్నదే. డీఎస్ఎల్ఆర్ రోజుల్లో కొన్న 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, వేరే కంపెనీ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, రెండిటినీ కలపడానికి ఇంకో కంపెనీ అడాప్టర్. కొత్త లెన్స్ కొనే ఖర్చు మిగులుతుందని చేసిన ఏర్పాటు. మామూలు రోజుల్లో బాగానే నడిచింది.

మర్నాడు నంద్యాలలో తనకు పని నేర్పిన సీనియర్ దగ్గరికి వెళ్లాడు. "అన్నా, ఫోకస్ మోటార్ పోయినట్టుంది, లెన్స్ మారుస్తే సరిపోతాదా?" అనడిగాడు. ఆయన లెన్స్ వైపు కూడా చూడలేదు. "ముందు ఆ నంబర్ సంగతి చెప్పప్పా" అన్నాడు.

ఆ నంబరే అసలు ఆధారం. అడాప్టర్ అంటే ఉత్త ఇనుప రింగు కాదు. లెన్స్ వెనకా, బాడీ ముందూ బంగారు పూత ఉన్న చిన్న కాంటాక్టులు ఉంటాయి. వాటి ద్వారానే లెన్స్ "నేను 50 ఎంఎం, నా ఎపర్చర్ 1.8" అని బాడీకి చెబుతుంది. బాడీ "ఫోకస్ ఇంత ముందుకు జరుపు" అని లెన్స్‌కి చెబుతుంది. ఇద్దరి భాషలు వేరు కాబట్టి మధ్యలో అడాప్టర్‌లోని చిప్ దుబాసీ పని చేస్తుంది. స్క్రీన్ మీద నంబర్ ఉందంటే మాటలు నడుస్తున్నాయి. `F--` అని గానీ, కొన్ని బాడీల్లో `F00` అని గానీ వచ్చిందంటే అవతల లెన్స్ ఉన్న సంగతే బాడీకి తెలియడం లేదు. అప్పుడు ఫోకస్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

పెళ్లికొడుకు మసకబారడానికి కారణం కూడా ఇదే. మాట తెగితే ఫోకస్ ఒక్కటే కాదు, ఎపర్చర్ కూడా మన చేతిలో ఉండదు. ఇలాంటి ఎలక్ట్రానిక్ లెన్స్ మామూలుగా పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో 50 ఎంఎం, ఎఫ్/1.8, రెండు మీటర్ల దూరం అనుకుంటే స్పష్టంగా కనిపించే లోతు దాదాపు 17 సెంటీమీటర్లే. ఎఫ్/4కి తగ్గించగలిగితే 38 దాకా వచ్చేది, ఇద్దరూ అందులో సరిపోయేవాళ్లు. తగ్గించే దారే లేదు.

సీనియర్ చేసిన పరీక్ష చాలా సింపుల్. బాడీకి దాని సొంత కిట్ లెన్స్ పెట్టాడు. ఫోకస్ ఠక్కున పడింది, అంటే బాడీ మంచిదే. పాత లెన్స్‌ని పాత డీఎస్ఎల్ఆర్‌కి పెట్టాడు. అదీ పనిచేసింది, అంటే లెన్స్ మోటార్ బతికే ఉంది. ఇక మిగిలింది మధ్యవర్తే. అడాప్టర్‌తో లెన్స్ బిగించి, స్క్రీన్ చూస్తూ లెన్స్‌ని మెల్లగా పైకీ కిందికీ అదిమాడు. కొంచెం కిందికి వంగగానే నంబర్ మాయం, పైకి ఎత్తగానే ప్రత్యక్షం! కాంటాక్టుల మీద చెమట, పసుపు, దుమ్ము కలిసి పొరలా పేరుకున్నాయి. దానికి తోడు మౌంట్ కాస్త వదులు.

శుభ్రం చేయడానికి మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. పీచు రాలని గుడ్డకి కొద్దిగా తడి అద్ది తుడవాలి. నేరుగా పోయకూడదు. గరుకు కాగితం వాడితే బంగారు పూత లేచిపోతుంది, రబ్బరుతో రుద్దితే దాని పొడి కెమెరా లోపల పడుతుంది. అడాప్టర్‌కి రెండు వైపులా కాంటాక్టులు ఉంటాయన్నది చాలామంది మర్చిపోతారు. తుడిచాక నంబర్ నిలబడింది. వదులు మాత్రం తుడిస్తే పోదు. అది ఎక్కువైతే అడాప్టర్ మార్చాల్సిందే.

నంబర్ వచ్చింది గానీ కథ అయిపోలేదు. వీడియోలో పెట్టి చూస్తే ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఇక్కడ అనుమానం ఫర్మ్‌వేర్ మీదికి వెళ్లింది. అంతకు ముందు వారమే కుర్రాడు బాడీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాడట. బాడీ చేసే కంపెనీ తన సొంత లెన్సులతో పరీక్షించుకుంటుంది, మూడో కంపెనీ అడాప్టర్ గురించి దానికి పట్టింపు ఉండదు. బాడీ మాట తీరు మారితే దుబాసీకి కూడా కొత్త పాఠం కావాలి. అందుకే చాలా అడాప్టర్లకు యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది. కంప్యూటర్‌కి కలిపి అడాప్టర్ కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఎక్కించాలి, మధ్యలో కేబుల్ పీకకూడదు. బాడీ వెర్షన్ ఎక్కించాక వెనక్కి రావడం చాలాసార్లు కుదరదు. కాబట్టి పెళ్లికి ముందు వారం బాడీని అప్‌డేట్ చేయకపోవడమే మంచిది.

అడాప్టర్ అప్‌డేట్ అయ్యాక `AF-S`లో, అంటే ఒక్కసారి ఫోకస్ పట్టి ఆగే మోడ్‌లో, లెన్స్ చక్కగా పనిచేసింది. `AF-C`లో, అంటే కదిలే మనిషిని వెంటాడే మోడ్‌లో, చీకటి పడితే ఇంకా ఊగుతూనే ఉంది. ఇది చెడిపోవడం కాదు, ఆ లెన్స్ పుట్టుక అలాంటిది. డీఎస్ఎల్ఆర్ లెన్స్ మోటార్ "ఇంత దూరం జరుగు" అంటే ఒక్క పెద్ద అంగలో వెళ్లడానికి తయారైంది. వీడియోలో బాడీ అడిగేది ఎడతెగని చిన్న చిన్న అడుగులు. దాన్ని ఏ అప్‌డేట్ పూర్తిగా సరిచేయలేదు.

అందుకే సీనియర్ ఒక పద్ధతి చెప్పాడు. స్టేజీ మీద నిలబడ్డ జంటకు `AF-S`, ఒకే పాయింట్, ఆ పాయింట్ చీర జరీ అంచు మీదో బాసికం మీదో. వీడియోకి బాడీ సొంత కిట్ లెన్స్. ముహూర్తానికి ముందు స్క్రీన్ మీద నంబర్ ఉందో లేదో ఒకసారి చూపు. అప్పటికీ మాట తెగితే మాన్యువల్, ఫోకస్ పీకింగ్. కొన్ని బాడీలు లెన్స్ లేదనుకుని షటర్ కూడా కొట్టవు. మెనూలో `Release w/o Lens` ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి. ఈ కుర్రాడి లెన్స్ పాతది కాబట్టి రింగ్ తిప్పితే గాజు కదిలింది. కరెంటుతో తిరిగే రింగ్ ఉన్న కొత్త లెన్సులైతే మాట తెగాక ఆ దారి కూడా మూసుకుపోతుంది.

సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేవాళ్లకి ఇంకో సంగతి. కెనాన్ 1987లో తెచ్చిన ఈఎఫ్ పద్ధతిలో ఫోకస్ మోటార్ లెన్స్ లోనే ఉంటుంది, కాబట్టి సరైన అడాప్టర్ దొరికితే ఆటోఫోకస్ ఆశ ఉంది. నికాన్ 50 ఎంఎం ఎఫ్/1.8డి లాంటి లెన్సుల్లో మోటార్ లేదు, పాత బాడీలోని మోటారే చిన్న స్క్రూతో దాన్ని తిప్పేది. 2018లో వచ్చిన నికాన్ సొంత ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ స్క్రూ మోటార్ లేదు. నంబర్ కనిపిస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాల్సిందే.

కుర్రాడు లెన్స్ మార్చలేదు. తర్వాతి పెళ్లికి బ్యాగులో ఒక చిన్న గుడ్డ ముక్క, ఐపీఏ సీసా చేరాయి. వచ్చే సీజన్‌కి అడాప్టర్ అక్కర్లేని 50 ఎంఎం కొనడానికి డబ్బు పక్కన పెడుతున్నాడు. ఆ పెళ్లివాళ్లకి ఆల్బమ్ ఇచ్చేటప్పుడు మసక ఫొటోల సంగతి దాచకుండా చెప్పి, కొంత డబ్బు తగ్గించుకున్నాడు.