సన్న పిన్ను... వెడల్పు పిన్ను!

డిస్కు చేతికొచ్చిన రోజు ఎవరూ కేబుల్ వంక చూడరు. అది కనబడకుండా పోయాక గానీ అసలు సంగతి తెలియదు.

అన్నయ్య కూతురి పెళ్లి వీడియో, ఫొటోలు కలిపి 100 జీబీ. వీడియో తీసినతను అన్నీ ఓ చిన్న హార్డ్ డిస్కులో వేసిచ్చాడు. ఏడాది తర్వాత కోటవురట్లలో చుట్టాలంతా చేరి, పెళ్లి వీడియో చూద్దామని బీరువా తెరిస్తే డిస్కు ఉంది, కేబుల్ లేదు. డిస్కు అంచున ఉన్న గూడేమో పాత ఫోను గూడుకి దాదాపు రెండింతలు వెడల్పు.

డిస్కు పట్టుకుని సెల్ రిపేరు కొట్టుకి వెళ్లాం. "పాత ఫోను పిన్ను పెట్టేస్తే అయిపోదా బాబూ?" అంది వదిన. కుర్రాడు నవ్వి, "అవుద్దండీ, కానీ శానా లేటవుద్ది" అన్నాడు. అతని మాట అక్షరాలా నిజం. ఎందుకో చూద్దాం.

గూట్లో రెండు గదులు

టైప్-సి రాకముందు ఫోన్లకు వాడిన సన్న పిన్ను పేరు మైక్రో యూఎస్‌బీ టైప్-బి. 2007లో వచ్చింది. అందులో తీగ కొనలు ఐదు. కరెంటుకు రెండు, సమాచారానికి రెండు, ఓటీజీ గుర్తింపుకు ఒకటి. సెకనుకు 480 మెగాబిట్లు దాని గరిష్ఠ వేగం.

2008 చివర్లో యూఎస్‌బీ 3.0 ప్రమాణం వచ్చింది. దాని వేగం సెకనుకు 5 గిగాబిట్లు. పాత ఐదు కొనలతో అంత వేగం సాధ్యం కాదు. పాత పిన్నును అలాగే ఉంచి, దాని పక్కన ఇంకో ఐదు కొనలతో చిన్న గదిని జోడించారు. పంపడానికి రెండు, అందుకోవడానికి రెండు, మధ్యలో ఒక గ్రౌండు. డిస్కు గూడును పరీక్షగా చూస్తే మధ్యలో నొక్కు, దానికి చెరో పక్క పెద్ద గది, చిన్న గది కనిపిస్తాయి. ఆ పెద్ద గది అచ్చంగా పాత ఫోను గూడే.

అందుకే సన్న పిన్ను వెడల్పు గూట్లోని పెద్ద గదిలో కూర్చుని పనిచేస్తుంది. వెడల్పు పిన్ను మాత్రం సన్న గూట్లో పట్టదు.

పావుగంట పని ముప్పావుగంట

ఆ రోజు సన్న కేబుల్‌తోనే కాపీ మొదలెట్టాం. కంప్యూటర్ తెర మీద వేగం 35 MB/s దగ్గర ఆగిపోయింది. ఆ లెక్కన 100 జీబీకి సుమారు 48 నిమిషాలు. తర్వాత కొట్లోనే వెడల్పు కేబుల్ దొరికింది. అది పెట్టగానే 110 MB/s. అంటే పావుగంట. డిస్కు తిరిగే వేగమే అంత కాబట్టి ఇంతకు మించి ఆశించకూడదు. వెడల్పు కేబుల్ పెట్టినా 35 దాటడం లేదంటే, కంప్యూటర్ వైపు పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో గుచ్చారేమో చూసుకోవాలి. 3.0 పోర్టు లోపల చాలావాటిలో నీలం రంగు ఉంటుంది.

కరెంటు సంగతీ ఉంది. నియమం ప్రకారం పాత పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. ఆగి ఉన్న డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది. అది చాలకపోతే టిక్కు టిక్కుమంటుంది, తెర మీద డిస్కు బొమ్మ వచ్చి పోతుంటుంది. అప్పుడు మళ్లీ మళ్లీ గుచ్చకుండా, ముందు పొట్టి కేబుల్‌తో వేరే పోర్టులో చూడాలి. అయినా చప్పుడు ఆగకపోతే లోపం డిస్కులోనే ఉండొచ్చు.

దేనికి ఏది?

ఫోన్లలో వెడల్పు గూడు చాలా అరుదు. మన దగ్గర బాగా తెలిసినవి శాంసంగ్ గెలాక్సీ నోట్ 3 (2013), ఎస్5 (2014). ఆ రెండూ సన్న పిన్నుతో కూడా చార్జ్ అవుతాయి. తర్వాత వచ్చిన నోట్ 4, ఎస్6లలో శాంసంగ్ మళ్లీ సన్న గూడుకే వెళ్లింది. మైక్రో యూఎస్‌బీ ఉన్న మిగతా ఫోన్లలో దాదాపు అన్నిటికీ సన్నదే.

జేబులో పట్టే హార్డ్ డిస్కులది వేరే దారి. డబ్ల్యూడీ ఎలిమెంట్స్, సీగేట్ ఎక్స్‌పాన్షన్, తోషిబా కాన్వియో లాంటి వాటిలో ఎక్కువ భాగం వెడల్పు గూడువే. పెళ్లిళ్లలో వాడే నైకాన్ డీ850, కానన్ 5డీ మార్క్ 4 కెమెరాలకూ అదే. కంప్యూటర్‌కి టైప్-సి పోర్టు మాత్రమే ఉంటే, ఒక కొన టైప్-సి, ఇంకో కొన వెడల్పు పిన్ను ఉన్న కేబుల్ అడిగి తీసుకోవచ్చు.

బలవంతం పనికిరాదు

వెడల్పు పిన్నును తలకిందులుగా పెట్టి నొక్కితే గూడు విరగొచ్చు. డబ్ల్యూడీ పాస్‌పోర్ట్ రకాల్లో చాలావాటికి ఆ గూడు డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది. కాబట్టి డిస్కును విప్పి వేరే డబ్బాలో పెట్టుకోవడం కుదరదు. బోర్డు మీద గూడు మార్చగల మెకానిక్కును వెతుక్కోవాల్సిందే.

మా వదిన ఇప్పుడు కేబుల్‌ను రబ్బరు బ్యాండుతో డిస్కుకే చుట్టి బీరువాలో పెట్టింది. మీ డిస్కు ఇంకో కాపీ లేకుండా బీరువాలో ఉంటే, ఈ ఆదివారం బయటకు తీసి కేబుల్ ఉందో లేదో చూడండి. కాపీ కూడా ఆ రోజే చేసేయండి.