మార్కాపురంలో పాత ఫ్లాట్ బేరం

మార్కాపురంలో మేం అద్దెకుంటున్న వీధిలోనే ఒక పాత ఫ్లాట్ అమ్మకానికొచ్చింది. 1,100 చదరపు అడుగులు, ఓనర్ చెప్పిన రేటు 34 లక్షలు. నాన్న దాచుకున్నదంతా దాని మీదే పెట్టాలి. అందుకే లెక్క నేను వేస్తానన్నా.

ముందు, ఈ మధ్య ఎవరు ఎంతకి కొన్నారో కనుక్కున్నాం. డాక్యుమెంట్‌లో రాసిన ధరని నమ్మలేం, చాలాసార్లు ప్రభుత్వ విలువకి దగ్గర్లోనే రాస్తారు. కొన్నవాళ్లనే అడగాలి. అదే అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఫ్లాట్, ఇదే సైజు, 31 లక్షలకి పోయిందని తేలింది. పక్క బిల్డింగ్‌లో ఇంకోటి 28కే పోయింది. నాన్న దాన్నే పట్టుకుని బేరమాడదామన్నాడు. కానీ అక్కడ ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకుంటారు. మన వైపు నీళ్లకే సగం ధర కదా! ఆ మాట ఓనర్ అనకముందే దాన్ని పక్కన పెట్టేశాం.

తర్వాత రిపేర్లు. బాత్రూమ్ గోడకి అవతల, బెడ్రూమ్ వైపు పెయింట్ పొంగి రాలుతోంది. లోపల లీకన్నమాట. మేస్త్రీ చూసి టైల్స్ పీకి మళ్లీ వేయడానికి 70 వేలవుతుందన్నాడు. పాత వైరింగ్ మార్చడానికి ఎలక్ట్రీషియన్ 50 వేలు చెప్పాడు. నేను రెండూ కలిపి తీసేయబోయా. అక్కడే తప్పు. 31 లక్షల ఫ్లాట్‌లోనూ అదే పాత వైరింగ్, ఆ లోటు ఆ ధరలోనే కలిసిపోయి ఉంది. దాన్లో లేనిది లీకు ఒక్కటే. అంటే 30 లక్షల 30 వేలు.

నాన్న 29 నుంచి మొదలుపెట్టాడు. మేస్త్రీ రాసిచ్చిన కాగితం చూపించాక ఓనర్ అంకుల్ "లీకు సంగతి నాకూ తెలుసులే" అని 30న్నరకి దిగాడు. ఇరవై వేలు ఎక్కువే, అయినా అడ్వాన్స్ ఇచ్చేశాం.