సమతాస్థితి బిందువులు, వాటి సుస్థిరత: రొయ్యల చెరువుల ఉదాహరణ

1994-95లో నెల్లూరు తీరంలోని టైగర్ రొయ్యల చెరువులను తెల్లమచ్చ వ్యాధి దెబ్బతీసింది. ఒక చెరువు వదిలిన నీటినే పక్క చెరువు తోడుకొనే చోట వ్యాధి చెరువు నుంచి చెరువుకు పాకుతుంది. దీనికి ఒక సరళ నమూనా తీసుకొందాం. ఆరోగ్యంగా ఉన్న చెరువుల సంఖ్య x, వ్యాధి సోకినవి y అనుకోండి. లెక్క సులువుగా ఉండేందుకు ప్రమాణాలను తగినట్లు ఎంచుకొన్నాం.

x' = A − x − xy
y' = xy − 2y

A అంటే కొత్తగా పిల్లలు వదిలే చెరువుల రేటు, −x పట్టుబడి, xy వ్యాధి సోకడం, −2y వ్యాధి చెరువులను ఖాళీ చేయడం.

సోపానం 1. రెండు కుడివైపులనూ సున్నాకు సమానం చేయండి. రెండో సమీకరణం y(x − 2) = 0. కాబట్టి y = 0 లేదా x = 2. మొదటి సందర్భంలో P(A, 0), రెండో సందర్భంలో Q(2, A/2 − 1) వస్తాయి. y రుణాత్మకం కాకూడదు కనుక A > 2 అయితేనే వ్యాధితో కూడిన Qకు అర్థం ఉంటుంది.

సోపానం 2. పాక్షిక అవకలజాలతో జాకోబియన్ మాత్రికను రాయండి. ముందు అవకలనం, తర్వాతే బిందువు ప్రతిక్షేపణ. ఈ క్రమం తప్పితే అవకలజాలన్నీ సున్నాలవుతాయి.

J = [ −1−y, −x ; y, x−2 ]

సోపానం 3. P వద్ద ఐగెన్ విలువలు −1, A − 2. A < 2 అయితే రెండూ రుణాత్మకం, P సుస్థిర నోడ్. A = 6 అయితే −1, 4; ఇది జీను బిందువు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. వ్యాధి లేనంతకాలం, అంటే y = 0 అక్షం మీద, ప్రతి పథమూ Pకే చేరుతుంది; అంతా సవ్యంగా ఉన్నట్లే కనిపిస్తుంది. ఒక్క చెరువుకు వ్యాధి సోకగానే పథం (−6, 5) దిశలో Pని వదిలిపోతుంది: ఆరోగ్యమైనవి తగ్గుతాయి, వ్యాధివి పెరుగుతాయి. అందువల్ల అక్షం మీద మాత్రమే పరీక్షించి సుస్థిరమని తేల్చకూడదు.

A = 6 వద్ద Q(2, 2). లాక్షణిక సమీకరణం λ² + 3λ + 4 = 0, మూలాలు (−3 ± i√7)/2. వాస్తవ భాగం రుణాత్మకం కనుక Q సుస్థిర సర్పిలం. పథాలు Q చుట్టూ తిరుగుతూ దాన్ని సమీపిస్తాయి. వ్యాధి దానంతటది పోదు, ఒక స్థాయిలో నిలుస్తుంది.

పరిమితి. A = 2 అయితే Q, P ఒకటవుతాయి; ఐగెన్ విలువలు −1, 0. సున్నా వచ్చినప్పుడు రేఖీయీకరణ ఏమీ తేల్చలేదు, వదిలేసిన అరేఖీయ పదాలను చూడాలి. P దగ్గర x ≈ 2 − 2y అవుతుంది, అప్పుడు y' ≈ −2y². కాబట్టి వ్యాధి తగ్గుతుంది, కానీ చాలా నెమ్మదిగా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి. A = 14 అయినప్పుడు Qని వర్గీకరించండి.

జవాబు: Q(2, 6); λ² + 7λ + 12 = 0; λ = −3, −4; సుస్థిర నోడ్.