మూడు తొట్ల సింకులో అంట్లు

హోటలు వంటగదిలో అంట్ల యంత్రం లేకపోతే పక్కపక్కన మూడు తొట్లున్న స్టీలు సింక్ ఉంటుంది. మొదటి తొట్టిలో సబ్బునీళ్లతో తోమాలి, రెండోదాంట్లో మంచినీళ్లతో జాడించాలి, మూడోదాంట్లో క్రిములను చంపే మందు కలిపిన నీళ్లలో ముంచాలి. ఆపైన గిన్నెలు గాలికి ఆరాలి. అమెరికాలో ఆహార భద్రతకు మాదిరి నిబంధనలు రాసే ఎఫ్‌డీఏ వారి ఫుడ్ కోడ్ చేతితో తోమే అంట్లకు చెప్పే పద్ధతి ఇది. రాష్ట్రాలు, కౌంటీలు దీన్ని తమ నిబంధనల్లో చేర్చుకుంటాయి కాబట్టి అంకెల్లో కొద్దిపాటి తేడాలుంటాయి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో తెలుగువాళ్లు చిన్న టిఫిన్ హోటలు పెట్టినప్పుడు తనిఖీ అధికారి చూసే చోట్లలో ఈ సింక్ తప్పకుండా ఉంటుంది. అటువంటి హోటలు వంటగదినే ఇక్కడ ఉదాహరణగా తీసుకుందాం.

పని సింక్ దగ్గర కాదు, చెత్తడబ్బా దగ్గర మొదలవుతుంది. ఎంగిలి, మాడు, అడుగంటిన కూర గీకి పారేశాకే గిన్నె తొట్టిలో దిగాలి. ఇడ్లీ, దోసె పిండి అంటిన గిన్నెల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. మినప్పిండి మీద వేణ్నీళ్లు పోస్తే అది అక్కడే ఉడికి బంకలా పట్టుకుంటుంది. అందుకని ముందు చన్నీళ్లతో కడిగేసి, ఆ తర్వాత సబ్బునీళ్లలో వేయాలి. ఈ పని ఎగ్గొడితే మొదటి తొట్టి పది నిమిషాల్లో చిక్కటి కుడితిగా మారుతుంది.

మొదటి తొట్టిలో నీళ్లు కనీసం 43 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉండాలి. అమెరికా థర్మామీటరు మీద అది 110 డిగ్రీల ఫారెన్‌హీట్. సబ్బు డబ్బా మీద వేరే వేడి రాసి ఉంటే దాన్ని పాటించవచ్చు. ఈ అంకె వెనక ఉన్న కారణం జిడ్డు. నెయ్యి, వనస్పతి వంటివి గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరగవు, పలచని పొరగా గిన్నెకే అతుక్కుని ఉంటాయి. నీళ్లు చాలినంత వేడిగా ఉంటే కొవ్వు కరిగి విడివడుతుంది, సబ్బు దాన్ని పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది. బిర్యానీ గుండిగ లోపలి గోడ మీద వేలితో గీస్తే జారినట్టు తగిలితే ఆ పొర ఇంకా పోలేదని అర్థం. స్టీలు తొట్టిలో నీళ్లు త్వరగా చల్లారిపోతాయి. అందువల్ల తొట్టి నింపినప్పుడు ఒక్కసారి చూసి వదిలేయకుండా, మధ్యమధ్యలో థర్మామీటరు ముంచి చూస్తుండాలి. నురుగు పోయినా, నీళ్ల మీద నూనె తేలినా, వేడి తగ్గినా నీళ్లు వదిలేసి కొత్తవి పట్టుకోవడమే దారి. అదనంగా సబ్బు పోస్తే ఆ నీళ్లు మళ్లీ మంచివి కావు.

రెండో తొట్టి మీదే అందరికీ చిన్నచూపు. రద్దీ వేళ సబ్బు గిన్నెను అందులో ఒక్క ముంచు ముంచి మూడోదాంట్లో పడేస్తారు, లేదా ఆ నీళ్లు సబ్బుతో తెల్లబడ్డాక కూడా మార్చరు. నిజానికి మందు పని చేసేదీ లేనిదీ ఇక్కడే తేలిపోతుంది. క్లోరిన్ మందు నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో క్రిములను బలంగా చంపే రూపం, నీళ్లలో క్షారం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. గిన్నెలు తోమే సబ్బుల్లో చాలావాటికి క్షార గుణం ఉంది. కాబట్టి సబ్బు వెంట వచ్చిన గిన్నె మూడో తొట్టిలోని మందు పదును తగ్గిస్తుంది. గిన్నెకు అంటి వచ్చిన అన్నం మెతుకు, గ్రేవీ ముక్క కూడా క్లోరిన్‌ను తినేస్తాయి. క్లోరిన్ క్రిమికీ కూరకీ తేడా చూడదు, ఎదురుపడిన సేంద్రియ పదార్థంతోనల్లా కలిసి ఖర్చయిపోతుంది. క్వాట్ అని పిలిచే రెండో రకం మందుదీ ఇదే కష్టం. దానికి ధనావేశం, మామూలు గిన్నెల సబ్బుకు రుణావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని మందు చచ్చుబడుతుంది. రెండో తొట్టిలో పారే నీటి కింద జాడించడం అన్నింటికన్నా మేలు. నిలవ నీళ్లయితే అవి తేటగా ఉన్నంతవరకే పనికొస్తాయి.

ఇక మూడో తొట్టి. ఇక్కడ చేయి తిరిగినవాళ్లు కూడా అందాజుగా బ్లీచ్ పోస్తారు. లెక్క మాత్రం కష్టమేమీ కాదు. తొట్టి 18 అంగుళాల పొడవు, అంతే వెడల్పు ఉండి, అందులో 8 అంగుళాల లోతు నీళ్లు పడితే సుమారు 42 లీటర్లు. లెక్క తేలికగా ఉండడానికి 40 లీటర్లకు ఒక గీత పెట్టుకుని అంతవరకే నింపారనుకుందాం. క్లోరిన్ 100 పీపీఎం అంటే లీటరు నీటిలో 100 మిల్లీగ్రాములు. 40 లీటర్లకు 4,000 మిల్లీగ్రాములు కావాలి. 6 శాతం బ్లీచ్‌లో ఒక్కో మిల్లీలీటరుకు దాదాపు 60 మిల్లీగ్రాములు ఉంటుంది. 4,000ను 60తో భాగిస్తే 67 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టేబుల్ స్పూన్లు దాటి కాస్త. 50 పీపీఎం చాలనుకుంటే అందులో సగం. బ్లీచ్ శాతం సీసాను బట్టి మారుతుంది, పైగా పాతబడేకొద్దీ దాని బలం తగ్గుతుంది. అందుకే ఈ లెక్క మొదటి కొలతకే పనికొస్తుంది, తుది మాట పరీక్ష కాగితానిదే. వాసన కలిపిన బ్లీచ్, చిందకుండా చిక్కగా చేసిన బ్లీచ్ ఈ పనికి వాడకూడదు. ఆహారం తగిలే పాత్రలకు వాడవచ్చని, ఎంత కలపాలో సీసా మీద రాసి ఉన్నదే తీసుకోవాలి.

మామూలు వంటగదుల్లో 50 నుంచి 100 పీపీఎం మధ్య ఉంచుకుంటారు. జాడించకుండా ఆరబెట్టే గిన్నెలకు 200 పీపీఎం దాటకూడదు. ఎక్కువ పోస్తే ఇంకా శుభ్రమనుకోవడం పొరపాటు. ఘాటైన క్లోరిన్ గిన్నె మీద మిగిలి తిండిలోకి వస్తుంది, చేతుల చర్మాన్ని ఒలుస్తుంది, స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పెడుతుంది. అల్యూమినియం ఇడ్లీ పళ్లాలు నల్లబడడానికి ఘాటైన సబ్బుతో పాటు క్లోరిన్ కూడా ఒక కారణం. అల్యూమినియం పాత్రలు ఎక్కువున్న చోట క్వాట్ వాడడం మంచిది, దాని మోతాదు తయారీదారు చెప్పినంత.

వేడి విషయంలో మూడో తొట్టి మొదటిదానికి పూర్తిగా వ్యతిరేకం. 50 పీపీఎం క్లోరిన్‌కు మామూలు నీళ్లయితే 24 డిగ్రీలు చాలు, నీళ్లలో క్షారం బాగా ఎక్కువుంటే 38 డిగ్రీలు కావాలి. మరీ చల్లటి నీళ్లలో మందు మందగిస్తుంది. సలసలమనే నీళ్లు పోస్తే క్లోరిన్ ఆవిరైపోయి, ఘాటు ముక్కుకు తగిలినంతసేపే మిగులుతుంది. కాబట్టి చేతికి హాయిగా ఉండే వెచ్చదనమే ఇక్కడ సరైనది. మందు లేకుండా వేడితోనే క్రిములను చంపాలంటే నీళ్లు 77 డిగ్రీలు ఉండి, గిన్నె అందులో 30 సెకన్లు మునగాలి. మామూలు గీజరు అంత వేడి ఇవ్వదు. తొట్టికి విడిగా హీటరు, గిన్నెలు దించడానికి పొడవు పిడి బుట్ట కావాలి. చిన్న హోటళ్లు ఆ జోలికి పోనిది అందుకే.

పరీక్ష కాగితం చేసే పని కంటితో, ముక్కుతో కాదు. క్లోరిన్ కాగితం తెల్లగా ఉంటుంది, నీళ్లలో ముంచగానే ఊదారంగుకు తిరుగుతుంది. డబ్బా మీది రంగుల పట్టీతో వెంటనే పోల్చాలి, ఆలస్యమైతే రంగు మారిపోతుంది. ఇక్కడ ఒక మోసం ఉంది. మందు విపరీతంగా ఎక్కువైతే కాగితం క్షణకాలం ముదురుగా మెరిసి, మళ్లీ తెల్లబడుతుంది, ఎందుకంటే క్లోరిన్ ఆ రంగునే పోగొడుతుంది. చూసినవాళ్లు మందు లేదనుకుని ఇంకొంత పోస్తారు. కాగితం తెల్లగానే ఉండి, నీళ్లలో మాత్రం ఘాటుగా బ్లీచ్ వాసన వస్తుంటే, గ్లాసు నీళ్లు తీసి అంతకు పది రెట్ల మంచినీళ్లలో కలిపి మళ్లీ ముంచి చూడాలి. అప్పుడు రంగు వస్తే అసలు తొట్టిలో ఎంత ఎక్కువుందో తెలిసిపోతుంది. క్లోరిన్ కాగితం క్వాట్‌కు పనికిరాదు. క్వాట్ కాగితాలను డబ్బా మీద చెప్పినంతసేపు, సాధారణంగా 10 సెకన్లు, నీళ్లలో ఉంచాలి. తొట్టి నింపినప్పుడు ఒకసారి, రద్దీ మధ్యలో మరోసారి చూస్తే, గిన్నెలు దిగుతున్నకొద్దీ మందు ఎంత వేగంగా తరిగిపోతోందో తెలుస్తుంది. రీడింగు 50 కన్నా తగ్గిందంటే ఆ నీళ్లు పారబోసి కొత్తవి కలుపుకోవాలి. కొత్తగా కలిపేటప్పుడు బ్లీచ్‌ను వెనిగరుతోగానీ, అమ్మోనియా ఉన్న క్లీనరుతోగానీ ఎప్పుడూ కలపకూడదు, ఊపిరాడనివ్వని విషవాయువు వస్తుంది.

గిన్నె పూర్తిగా మునగాలి. ఫుడ్ కోడ్ లెక్కన 50 పీపీఎం క్లోరిన్‌లో 7 సెకన్లు కనీసం, ఇతర మందులకు 30 సెకన్లు. సీసా మీద ఎక్కువ చెబితే అదే పాటించాలి. ఒకదానిలో ఒకటి గుచ్చి ముంచిన గిన్నెల మధ్య గాలి ఇరుక్కుంటే మందు అక్కడికి చేరదు. బిర్యానీ గుండిగ తొట్టిలో పట్టకపోవడం మన వంటగదుల్లో మామూలే. ఆరోగ్య శాఖవారి ఆమోదంతో దాన్ని ఉన్నచోటే తోమి, కడిగి, ఆపైన మందు నీళ్లు లోపలంతా తడిసేలా చల్లి, చెప్పినంతసేపు తడిగా ఉంచవచ్చు.

మందులోంచి తీసిన గిన్నెను మళ్లీ జాడించకూడదు, గుడ్డతో తుడవకూడదు. కొళాయి నీళ్లు మందును కడిగేస్తాయి. గుడ్డ ఉదయం నుంచి ఎన్ని గిన్నెలు తుడిచిందో, ఆ అన్నింటి మురికినీ ఇప్పుడు శుభ్రమైనదాని మీద పులుముతుంది. గిన్నెలను బోర్లించి, నీరు కిందికి జారేలా చిల్లుల పలక మీదో తీగల అర మీదో పెట్టాలి. ఒకదానిమీదొకటి కాకుండా, మధ్యలో గాలి ఆడేలా ఉండాలి. ఇడ్లీ పళ్లాలకు ఇది మరీ అవసరం. తడిగానే పేర్చేస్తే గుంటల మధ్య నీరు నిలిచి, మర్నాడు తీసేసరికి జిగటగా, ముక్కవాసనతో వస్తాయి. అటువంటివాటిని మళ్లీ మొదటి తొట్టినుంచి కడగాలి. ఆరడం ఆలస్యమవుతోందంటే గిన్నెలు కిక్కిరిసి ఉన్నాయా, గదిలో ఆవిరి బయటికి పోతోందా అని చూడాలి. పూర్తిగా ఆరిన తర్వాతే వాటిని అరలోకి సర్ది, నేలకు ఎత్తులో, ఎంగిలి తోమే చోటికి దూరంగా ఉంచాలి.