క్వింటా ఎక్కువ పండిందా?

కొత్త వరి రకం సాంబ మసూరి కంటే ఎకరానికి క్వింటా ఎక్కువ ఇచ్చిందని నివేదికలో ఉంటే, నేనైతే ముందు మడుల పటం చూస్తాను. ఒకటి కాలువ పక్కన, ఇంకొకటి చివరి మడిలో నాటితే అది నీళ్ల పోలికే. అందుకే పక్కపక్కన జంట మడులు వేసి, ఏది ఎటో చీటీ తీసి తేలుస్తారు. గట్టు పక్క వరసలకు ఎండ ఎక్కువ, వాటిని తూకంలో కలపరు.

ఐదు జంటలు, కోసింది 20 చదరపు మీటర్ల చొప్పున అనుకుందాం. కొత్త రకం నాలుగింట 1.0, 0.4, 1.2, 0.5 కిలోలు ఎక్కువ, ఒకచోట 0.6 తక్కువ. సగటు అరకిలో, అంటే ఎకరానికి క్వింటా. కానీ ఇంత హెచ్చుతగ్గుల్లో 95 శాతం నమ్మకంతో గీసే హద్దులు ఎకరానికి 75 కిలోల నష్టం నుంచి 275 కిలోల లాభం దాకా పోతాయి. అలాగని రెండూ సమానమనీ తేలలేదు. ఇంకొన్ని జంటలు, మరో సీజన్ కావాలి.